తేడాలకు పావుగంట

మార్చి 31 దగ్గర పడుతుంటే నల్లగొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల కిరాణా హోల్‌సేల్ దుకాణాల గోడలకు ఒక కాగితం అతుక్కుంటుంది. పేరు 'స్టాక్ లెక్క ప్లాన్'. ఉదయం 8 నుంచి 1 దాకా లెక్క. 1 నుంచి 2 దాకా భోజనం. 2 నుంచి 2:15 దాకా తేడాలు, అంటే కంప్యూటర్‌లో ఉన్న సంఖ్యకూ లెక్కలో తేలిన సంఖ్యకూ పొంతన కుదరనివి. 2:30కి షటర్ లేపుడు, గిరాకీ షురూ.

తేడాలకు పావుగంట. అన్నం తినడానికి గంట పెట్టిన సేటు, ఏడాది పొడుగునా పెరిగిన తేడాలకు పావుగంట కేటాయించాడు. ఆ పావుగంటలో చాయ్ తాగే సమయం కూడా కలిసే ఉంటుంది.

మిగతా ప్లాన్ కూడా గౌరవంగా చూడదగ్గదే. జోన్లు రెండు: దుకాణం, గోదాం. అటక ఏ జోన్‌లోనూ లేదు. డిస్ట్రిబ్యూటర్‌కు వాపస్ పంపాలని మూలకు పడేసిన చిరిగిన ప్యాకెట్లు, ఉబ్బిన డబ్బాలూ ఏ జోన్‌లోనూ లేవు. టీములు కూడా న్యాయంగానే వేశారు. ఏడాదంతా సబ్బుల రాక్ సర్దిన పోరడికే సబ్బుల లెక్క. వాడికి ఆ రాక్ బాగా తెలుసట. తెలుసు కాబట్టే వాడు లెక్కపెట్టొద్దు. వెనక వరసలో ఎన్ని ఉంటాయో చెయ్యి పెట్టకుండానే చెప్పేస్తాడు.

అసలు అద్భుతం లెక్క కాగితంలో ఉంది. సరుకు పేరు, పక్కనే కంప్యూటర్‌లో ఉన్న సంఖ్య, దాని పక్కన 'లెక్కించినది' అని ఒక ఖాళీ గడి. ప్రశ్నపత్రంలోనే జవాబు అచ్చేసి పరీక్ష పెట్టినట్టు. ఇక రాక్ ముందు ఏం జరుగుతుందో చూడండి.

"అన్నా, జీలకర్ర పావుకిలో ప్యాకెట్లు ఎన్నుండాలె?"

"ముప్పై ఎనిమిది."

"నాకు ముప్పై ఆరొస్తున్నయ్."

"సక్కగ సూడు."

వాడు సక్కగా చూస్తాడు. ముప్పై ఆరే. మెంతుల డబ్బా వెనక చూస్తాడు, నేల మీద వంగి చూస్తాడు, పక్క రాక్‌లోంచి ఒకటి లాగుతాడు. అది సోంపు. సోంపు తిరిగి పెడతాడు. "అన్నా, సోంపుల ఒకటి ఎక్కువుంది." "దాన్ని ముట్టకు, అది సరిపోయింది." చివరికి ముప్పై ఎనిమిది అని రాస్తారు. అటు ధనియాల దగ్గర ఇంకొకడు నలభై ఎనిమిది దాకా వచ్చి ఆగిపోతాడు. కాగితం మీద ఉన్నది నలభై ఎనిమిదే, రాక్‌లో ఇంకో నాలుగు కనిపిస్తున్నాయి. ఎక్కువ వచ్చిందంటే తక్కువ వచ్చిన దానికంటే పెద్ద పంచాయితీ. నాలుగింటినీ చూడనట్టు ముందుకు జరుగుతాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు సేటు కళ్లద్దాలు సర్దుకుని, లెక్క నూటికి తొంభై తొమ్మిది సరిపోయిందని మురుస్తాడు. సరిపోకుండా ఎలా ఉంటుంది?

కంప్యూటర్ సంఖ్య లేని ఖాళీ కాగితం ఇవ్వాలి. ఒకడు లెక్కపెట్టి చెప్పాలి, ఒకడు రాయాలి, ఆ రాక్ సర్దేవాడు ఆ జంటలో ఉండొద్దు. రాక్‌కు నంబరు, అరకు నంబరు, అయిపోయిన అరకు సుద్దముక్కతో గీత. అటకకూ వాపస్ మూలకూ సొంత నంబర్లు. మొదలుపెట్టే ముందు చివరి అమ్మకం బిల్లు నంబరు, చివరి కొనుగోలు బిల్లు నంబరు రాసిపెట్టుకోవాలి. మధ్యలో వ్యాన్ వస్తే దింపిన మాల్ వేరే మూలన ఉంచి, 'లెక్కలో లేదు' అని అట్టముక్క రాసి పెట్టాలి. లేదంటే మాల్ లెక్కలోకి వస్తుంది, బిల్లు మాత్రం సాయంత్రం ఎక్కుతుంది. ఇరవై పెట్టెలు ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఎక్కువ చూపిస్తుంది. గోదాం ముందురోజు సాయంత్రమే లెక్కపెట్టి తాళం వేస్తే మర్నాడు సగం భారం తగ్గుతుంది. ఇదంతా చేసినా తేడా వస్తుంది. అప్పుడు కావాల్సింది పావుగంట కాదు, మధ్యాహ్నం మొత్తం.

బియ్యం సంగతే చూడండి. 2022 జులై 18 నుంచి, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల దాకా ఉంటే ఐదు శాతం జీఎస్టీ పడింది. అంతే, 26 కిలోల బస్తా పుట్టుకొచ్చింది. రెండు రకాలూ ఒకే గోదాంలో, ఒకే నెట్టులో, ఒకే రంగు సంచుల్లో నిలబడతాయి. అనుకుందాం: 25 కిలోల బస్తాలు 60, అంటే 1500 కిలోలు. 26 కిలోలవి 140, అంటే 3640. కంప్యూటర్‌లో 5140 కిలోలు. లెక్కకు పోయినవాడు నెట్టు చూసి రెండు వందల బస్తాలు అని సరిగ్గానే చెప్పాడు. కాగితం మీద రాసేవాడు అన్నింటినీ ఇరవై ఐదుతో గుణించి 5000 వేశాడు. 140 కిలోలు మాయం. కిలో 56 రూపాయల లెక్కన 7,840.

ఈ తేడా తన పేరు తానే చెబుతోంది. పోయిన కిలోలు 140, 26 కిలోల బస్తాలూ 140. దొంగ ఎవడూ అంత లెక్కగా దొంగిలించడు. తేడా అంకె ఏ బస్తాల సంఖ్యతోనైనా, పెట్టెలో పట్టే ప్యాకెట్ల సంఖ్యతోనైనా కలిస్తే ముందు యూనిట్ అనుమానించాలి. సబ్బుల్లో గులాబీది తొమ్మిది తక్కువ, నిమ్మది తొమ్మిది ఎక్కువ వస్తే బిల్లింగ్ పిల్లగాడు ఒకదాన్నే స్కాన్ చేసి సంఖ్య కొట్టాడని అర్థం. ముందు ఇంకో జంటతో మళ్లీ లెక్క, తర్వాత యూనిట్, తర్వాత జంట సరుకులు, తర్వాత ఎక్కని బిల్లులు, వాపస్ మూల, పదికి ఒకటి ఫ్రీగా వచ్చిన స్కీమ్ మాల్. ఇవన్నీ అయ్యాక మిగిలిందే నిజమైన తరుగు.

పావుగంటలో ఇవేవీ జరగవు. జరిగేది ఇంకోటి. దుకాణం లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్‌లో ఫిజికల్ స్టాక్ ఓచర్ అని ఉంది. లెక్కించిన సంఖ్య అందులో వేస్తే పుస్తకంలో స్టాక్ అదే అవుతుంది. తేడా ఎందుకొచ్చిందని అది అడగదు. మన సేటుకు అంతకంటే మర్యాదస్తుడైన గుమాస్తా దొరకడు.

కానీ ఓచర్ వేసే ముందు 7,840 ని నలుగురు పోరగాళ్లకు పంచుతారు. తలా 1,960. జీతంలో కోత. ఇక్కడ నాకు నవ్వు రాదు. గుణకారం తప్పు వేసింది కాగితం, బస్తా ఒక కిలో పెంచింది మిల్లు, రెండు రకాలు కలిపి నెట్టు వేయించింది సేటు. జీతం పోయింది మాత్రం హాలియా నుంచి తెల్లవారి బస్సెక్కి వచ్చే పిల్లగాడిది. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టమే చెప్పింది: ప్రత్యేకంగా వాడి చేతికి అప్పగించిన సరుకు వాడి నిర్లక్ష్యం వల్లే పోతేనే కోత, అదీ వాడు చెప్పుకునే అవకాశం ఇచ్చాకే. అప్పగించినట్టు సంతకం ఏదీ? వాడిని అడిగిందెవడు? పావుగంటలో అడగలేదు కదా! అన్నానికి ఇచ్చిన గంటలో సగం ఇచ్చి ఉంటే ఆ నూట నలభై కిలోలు గోదాంలోనే కనిపించేవి. సిగ్గులేని లెక్క ఇది.

2:30కి షటర్ లేచింది. అటక మీద ఆరు పెట్టెల అగరబత్తీలున్నాయి. ఏ టీమూ ఎక్కలేదు, ఏ కాగితంలోనూ లేవు.