పదో మనిషి కావలెను

డార్జిలింగ్ నుంచి వచ్చి రెండ్రోజులే అయింది, కోపం ఇంకా తగ్గలేదు. తిరుగు ప్రయాణం రోజు సాయంత్రం సిలిగురి పక్కనున్న న్యూ జల్పాయిగురిలో రైలు ఎక్కాలి. చౌక్ బజార్ స్టాండుకి పదింటికే వచ్చి, సిలిగురికి షేర్ సుమోలో టికెట్ కొన్నాను. "ఇప్పుడే బయల్దేరుతుంది" అన్నాడు కౌంటర్ ఆయన. బ్యాగు టాపు మీదకెక్కించి, పైన టార్పాలిన్ కప్పి తాడు బిగించేశారు.

ఈ సుమోల లెక్క పది. డ్రైవర్ పక్కన ఇద్దరు, మధ్యలో నలుగురు, వెనక నలుగురు. మధ్య సీటులో నాలుగోవాణ్ని నేను. అంటే సగం సీటు మీద, సగం తలుపు మీద. తొమ్మిది మందిమి అయ్యాం. పదోవాడు రాడు. నలభై నిమిషాలైంది. డ్రైవర్ తాపీగా టీ తాగుతున్నాడు. కౌంటర్ ఆయన్ని ఎన్నిసార్లు అడిగినా అదే "ఇప్పుడే".

ఇక ఆగలేక నేనే దిగాను. మొదట మర్యాదగా దారినపోయేవాళ్ల మొహాల్లోకి చూశాను. తర్వాత నెమ్మదిగా "సిలిగురి?" అన్నాను, పెళ్లిలో ఎవరికో కాఫీ కావాలా అని అడిగినట్టు. ఎవరూ పలకలేదు. గొంతు పెంచాను. ఇంకాస్త పెంచాను. ఐదో నిమిషానికి "సిలిగురీ, సిలిగురీ, ఏక్ సీట్!" అని మా కోఠీలో దుప్పట్లమ్మేవాడిలా అరుస్తున్నాను. మా ఆఫీసులో మీటింగులో నోరు తెరవనని నాకు పేరు. సుమోలోని తొమ్మిది మందిలో... కాదు, నేను దిగాను కదా, ఎనిమిది మంది కిటికీల్లోంచి నన్నే చూస్తున్నారు. ఒక్కరైనా దిగి సాయంగా అరవొచ్చు కదా!

చివరికి ఒక బెంగాలీ కుటుంబం ఆగింది. "దాదా, కొతో?" అని నన్నే రేటు అడిగారు. చెప్పాను. పెద్దాయన సూట్‌కేసు నా చేతికిచ్చాడు. అది మోసుకుంటూ గెలిచినవాడిలా మా సుమో దగ్గరికి నడిచాను.

వాళ్లు నలుగురు. మా బండిలో ఖాళీ ఒక్కటే.

పక్క కౌంటర్ సుమోలో ఆరుగురే ఉన్నారు. ఆరూ నాలుగూ పది! రెండు నిమిషాల్లో ఆ బండి కదిలిపోయింది. అందులో దూరుదామన్నా నా బ్యాగు ఇక్కడ టార్పాలిన్ కింద ఉంది. పోతూ పోతూ ఆ డ్రైవర్ నాకు సలాం కూడా కొట్టాడు. పెద్దాయన నా జేబులో పది రూపాయలు పెట్టాడు.

ఆఖరికి ఖాళీ సీటు డబ్బు కూడా నేనే కట్టాను. అప్పుడు కదిలింది. హాయిగా కాళ్లు చాపుకున్నాను, ఘూమ్ దాకా. అక్కడ డ్రైవర్ ఆపి, క్యాబేజీ బస్తాతో ఒకాయన్ని ఎక్కించాడు. ఆయన దగ్గరా డబ్బు తీసుకున్నాడు. ఇదేంటని అడిగితే, "సీటు ఖాళీగా ఉందిగా" అన్నాడు.

బస్తా సిలిగురి దాకా నా ఒళ్లోనే.