రెట్టింపు... దేనికి?

కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చిన 2025 నవంబరు 21న కేంద్రం చాటింపు వేసుకున్న వరాల్లో ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనం ఒకటి. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ రెట్టింపు 1948 నుంచీ ఫ్యాక్టరీ కార్మికుడికి ఉన్నదే. ఉన్నదాన్నే కొత్తగా ఇచ్చినట్టు చెప్పుకోవడం ప్రభుత్వాలకు అలవాటే కనుక అక్కడితో ఆగితే ఇంత రాయాల్సిన పని లేదు. ఈసారి ఇచ్చినట్టే ఇచ్చి కింద నుంచి లాగేసుకున్నారు. రెండుతో హెచ్చవేయమన్నారు, సరే. ఏ అంకెను?

ఇప్పుడు కోడ్‌లో కలిసిపోయిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఈ ప్రశ్నకు తావివ్వలేదు. రోజుకు 9 గంటలు గానీ వారానికి 48 గంటలు గానీ దాటి పనిచేస్తే సాధారణ వేతన రేటుకు రెట్టింపు ఇవ్వాలని 59వ సెక్షన్ చెప్పింది. సాధారణ వేతన రేటు అంటే ఏమిటో కూడా అక్కడే రాసింది. మూల వేతనం, దానికి తోడు ఆ కార్మికుడికి హక్కుగా వస్తున్న అలవెన్సులు. యాజమాన్యం చౌక ధరకు తిండిగింజలు అమ్ముతుంటే, దానివల్ల కార్మికుడికి మిగిలే డబ్బును కూడా లెక్క కట్టి కలపమంది. తీసేయమన్నవి బోనస్, అప్పటికే ఇస్తున్న ఓటీ సొమ్ము మాత్రమే. ఆ సెక్షన్ రాసినవాళ్లకు యాజమాన్యాల లెక్కల చాతుర్యం బాగా తెలుసన్నమాట.

కొత్త వృత్తి భద్రత కోడ్‌లోని 27వ సెక్షన్ కూడా ఓటీకి రెట్టింపే అంటోంది. కాకపోతే ‘సాధారణ వేతన రేటు’ పోయి ఉత్త ‘వేతన రేటు’ మిగిలింది. ‘వేతనం’ అంటే ఏమిటో తెలుసుకోవాలంటే పేజీలు వెనక్కి తిప్పి నిర్వచనాల దగ్గరికి పోవాలి. అక్కడ వేతనమంటే మూల వేతనం, కరవు భత్యం, పని లేని రోజుల్లోనూ కార్మికుడిని అట్టిపెట్టుకోవడానికి ఇచ్చే రిటైనింగ్ అలవెన్స్. ఇంటి అద్దె భత్యం, రవాణా భత్యం, పని స్వభావం వల్ల అయ్యే ప్రత్యేక ఖర్చుల కోసం ఇచ్చే సొమ్ము వంటివి బయటే. బయట పెట్టినవి మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేరకు మళ్లీ వేతనంలో కలపాలన్నది ఒక్కటే అడ్డుకట్ట. అంటే జీతంలో సగాన్ని ఓటీ లెక్క నుంచి తప్పించే వీలు చట్టమే ఇచ్చింది.

సగానికి రెట్టింపు ఎంత? మూడో తరగతి పిల్లాడిని అడిగినా చెబుతాడు, ఒకటని.

ఒక పే స్లిప్ వేసి చూద్దాం. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున 208 గంటల పని. మొత్తం జీతం రూ.20,800. అందులో బేసిక్, డీఏ కలిపి రూ.10,400. ఇంటి అద్దె భత్యం రూ.6,000, రవాణాకు రూ.2,400, యూనిఫాం, ఉతుకు ఖర్చులకు రూ.2,000. ఈ కార్మికుడు మామూలు డ్యూటీలో గంటకు రూ.100 సంపాదిస్తున్నాడు. పాత చట్టం ప్రకారం ఓటీ గంటకు రూ.200 రావాలి. కొత్త నిర్వచనం ప్రకారం ఓటీకి లెక్కలోకి వచ్చేది రూ.10,400 మాత్రమే. దాన్ని 208తో భాగిస్తే గంటకు రూ.50. రెట్టిస్తే రూ.100. పొద్దున ఎనిమిదింటికి మిషన్ ముందు నిలబడ్డ గంటకూ నూరే, ఒళ్లు హూనమయ్యాక సాయంత్రం ఆరింటికి అదే మిషన్ ముందు నిలబడ్డ గంటకూ నూరే. కార్మికులు దీన్ని సింగిల్ ఓటీ అంటారు. చట్టంలో దీని పేరు మాత్రం రెట్టింపు!

ఇక్కడితో కథ అయిపోలేదు. నెల జీతాన్ని గంట రేటుగా మార్చేటప్పుడు 26 రోజులతో కాక 30 రోజులతో భాగించే టైమ్ ఆఫీసులూ ఉన్నాయి. అప్పుడు భాజకం 240 అవుతుంది. రూ.10,400ను 240తో భాగించి రెట్టిస్తే వచ్చేది రూ.86.67. అదనపు గంట మామూలు గంట కన్నా చవక! సెలవు రోజులను కూడా పనిదినాలుగా లెక్కగట్టి గంట ధర తగ్గించే ఈ కిటుకు పాతదే. ఇన్నాళ్లూ అది రెట్టింపులో ఎంతో కొంత కోసుకుపోయేది. ఇప్పుడు కింద అంకె సగమైపోయాక, ఆ కోత మామూలు కూలి కిందికి దిగిపోతోంది.

తమ ఓటీ ఏ లెక్కన వస్తోందో కార్మికులు ఎవరినీ అడగనక్కర్లేదు. పే స్లిప్‌లో ఓటీ మొత్తాన్ని ఓటీ గంటలతో భాగించి, వచ్చినదాన్ని 208తో హెచ్చవేస్తే చాలు. అది మొత్తం జీతానికి రెట్టింపు అయితే పాత లెక్క. మొత్తం జీతంతో సమానమైతే సింగిల్ ఓటీ. అంతకన్నా తక్కువైతే 30 రోజుల కిటుకు కూడా తోడైందన్నమాట.

పరిశ్రమ వర్గాల మాట వేరు. సగం నిబంధన వల్ల బేసిక్ పెరుగుతుంది, దాంతో పీఎఫ్, గ్రాట్యుటీ పెరుగుతాయి, కార్మికుడికి మొత్తం మీద మేలేనంటారు. బేసిక్‌ను జీతంలో మూడోవంతుకు కుదించి పీఎఫ్ ఎగ్గొట్టిన కంపెనీల విషయంలో ఆ మాట కొంత నిజమే. కానీ పీఎఫ్‌లో దొంగతనం అరికట్టడానికి రాసిన నిర్వచనాన్ని ఓటీకి అంటగట్టడమేమిటి? పీఎఫ్ దగ్గర కార్మికుడిని కాపాడే ఆ సగమే ఓటీ దగ్గర అతడి జేబు కోస్తోంది. ఇది పొరపాటున జరిగిందనుకుందామన్నా, దీనికి వెనక ఉన్న చరిత్ర అనుకోనివ్వడం లేదు.

2020 ఏప్రిల్ 17న, కరోనా లాక్‌డౌన్ మధ్యలో గుజరాత్ ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ఫ్యాక్టరీల్లో రోజుకు 12 గంటలు, వారానికి 72 గంటలు పనిచేయించుకోవచ్చు. అదనపు గంటలకు రెట్టింపు అక్కర్లేదు, మామూలు రేటు చాలు. 8 గంటలకు రూ.80 అయితే 12 గంటలకు రూ.120 ఇవ్వండని ఉదాహరణ కూడా అందులోనే రాసింది. కనీసం దాపరికం లేదు. ఆ ఏడాది అక్టోబరు 1న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అలా పని చేయించుకున్న గంటలకు చట్టప్రకారం ఓటీ కట్టమంది. ఇప్పుడు పై పే స్లిప్‌ను మళ్లీ చూడండి. 8 గంటలకు రూ.800, 12 గంటలకు రూ.1,200. గుజరాత్ నోటిఫికేషన్ లెక్కే, పక్కన ఒక్క సున్నా ఎక్కువ. ఆనాడు కోర్టు వీధి వాకిట్లోనే ఆపేసిన సింగిల్ ఓటీ, నిర్వచనం ముసుగు వేసుకుని దొడ్డిదారిన ఇంట్లోకి వచ్చేసింది. ఒక రాష్ట్రంలో ఆర్నెల్ల ముచ్చటగా ఆగిపోయింది దేశమంతటా శాశ్వతం కాబోతోంది.

కేంద్రానికి ఈ తేడా తెలియదనడానికీ వీల్లేదు. కేంద్ర రక్షణ శాఖ కింద చెన్నై దగ్గర ఉన్న ఆవడి భారీ వాహనాల కర్మాగారం కార్మికులు ఓటీ లెక్కలో ఇంటి అద్దె, రవాణా భత్యాలు కలపాలని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. అక్కర్లేదని, తమ శాఖల సర్క్యులర్లు కలపొద్దంటున్నాయని వాదించింది మరెవరో కాదు, కేంద్ర ప్రభుత్వమే. పాత చట్టం మాట ముందు ఆ సర్క్యులర్లు చెల్లవని, భత్యాలు కలపాల్సిందేనని 2026 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. కార్మికులు గెలిచారు. కానీ ఏ సెక్షన్ పట్టుకుని గెలిచారో ఆ సెక్షన్ అప్పటికే కొత్త కోడ్ కింద కనుమరుగైంది. సర్క్యులర్‌తో గెలవలేని వాదనను నిర్వచనంతో గెలిచేశారు. తమ ఫ్యాక్టరీలోనే ఇవ్వడానికి మనసొప్పని డబ్బును బయటి కార్మికులకు ‘గ్యారంటీ’ ఇచ్చామని చెప్పుకోవడానికి ఎంత ధైర్యం ఉండాలి?

మన దగ్గర మరో చిక్కు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ఫ్యాక్టరీల్లో రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు, మూడు నెలల ఓటీ పరిమితిని 75 గంటల నుంచి 144 గంటలకు పెంచింది. అదే ఏడాది జులైలో తెలంగాణ వాణిజ్య సంస్థల్లో 10 గంటల పని దినానికి, మూడు నెలలకు 144 గంటల ఓటీకి అనుమతించింది. గంటలు పెంచేవాళ్లు పాడే పాట ఒకటే. ఎక్కువ గంటలు చేస్తే ఎక్కువ సంపాదించుకోవచ్చట. మన పే స్లిప్ కార్మికుడు ఫ్యాక్టరీలో మూడు నెలల్లో 144 గంటల ఓటీ చేస్తే పాత లెక్కన రూ.28,800. కొత్త లెక్కన రూ.14,400. పాత పరిమితిలో, పాత రేటున 75 గంటలకే రూ.15,000 వచ్చేది. పని దాదాపు రెండింతలై, రాబడి తగ్గడమంటే ఇదే. రెట్టింపు అయింది గంటలు మాత్రమే.

ఓటీకి రేటు ఎందుకు ఎక్కువో పాలకులు మరచినట్టున్నారు. అది కార్మికుడికి వేసే బిచ్చం కాదు, యాజమాన్యానికి వేసే జరిమానా. అదనపు గంట ఖరీదైతేనే ఇంకో మనిషిని పనిలోకి తీసుకుందామన్న ఆలోచన వస్తుంది. అదనపు గంట మామూలు ధరకే దొరికితే కొత్త మనిషికి పీఎఫ్, ఈఎస్ఐ కట్టి తీసుకునే యజమాని ఎవరు? ఓటీకి కార్మికుడి సమ్మతి తప్పనిసరని 27వ సెక్షన్‌లో ఒక మాట చేర్చారు. కాంట్రాక్టర్ కింద పనిచేసే మనిషి షిఫ్ట్ చివర సూపర్‌వైజర్‌తో ‘నా సమ్మతి లేదండీ’ అనడం ఒక్కసారి ఊహించుకోండి.

దిద్దడం కష్టమేమీ కాదు. ఓటీ వరకు వేతనమంటే మూల వేతనంతో పాటు కార్మికుడికి వస్తున్న అన్ని భత్యాలూ అని 27వ సెక్షన్‌లో ఒక్క వాక్యం చేర్చాలి. 59వ సెక్షన్ మాటల్నే మళ్లీ రాసినా సరిపోతుంది. గంట రేటుకు భాగించాల్సింది 26 రోజులతోనని, ఆ లెక్క పే స్లిప్‌లో కనబడాలని నియమాల్లో స్పష్టం చేయాలి. కార్మిక చట్టాలు ఉమ్మడి జాబితాలోవి. పని గంటలు పెంచడానికి చట్టాలూ జీవోలూ తేవడం వచ్చిన రెండు తెలుగు రాష్ట్రాలకు, ఓటీ లెక్క సరిచేసే సవరణ తెచ్చి రాష్ట్రపతి ఆమోదానికి పంపడం రాదా? గంటలు పెంచేటప్పుడున్న హుషారు ఇప్పుడేమైంది? అంతవరకు కనీసం ప్రచారంలోంచి ‘రెట్టింపు’ అన్న మాట తీసేయండి. రూ.100కు రూ.100 ఇస్తూ దాన్ని రెట్టింపు అని, పే స్లిప్ చదవడం వచ్చిన మనిషి ముఖం మీదే అంటున్నారు.