సవరణ: పెళ్లికూతురి ఫొటోలో చేర్చిన హారానికి నీడ

"మీరు చెప్పినట్టే Drop Shadow పెట్టాను. అయినా హారం మెడ మీద తేలుతున్నట్టే ఉంది. ఎందుకు?"

Drop Shadow హారం అంతటికీ ఒకే దూరంలో, ఒకే మెత్తదనంతో నీడ వేస్తుంది. అసలు హారం అలా ఉండదు. మెడ పక్కన చర్మానికి ఆనుకుంటుంది, కాలర్ ఎముకలు దాటాక మధ్య గుంట మీద కాస్త పైకి లేస్తుంది. కాబట్టి ఆ సూచనను చర్మానికి ఎడంగా వేలాడే లాకెట్ వరకే తీసుకోండి.

ఆనుకున్న చోట హారం కింద Multiply లేయర్ పెట్టి, చిన్న బ్రష్‌తో అంచు వెంట సన్నటి ముదురు గీత గీయండి. గుంట దగ్గర గీత ఆపేసి, వేరే లేయర్‌లో వెడల్పైన మెత్తటి నీడ వేయండి. రంగు నలుపు వద్దు, మసి పూసినట్టు ఉంటుంది. ఆమె గడ్డం కింది నీడ రంగునే తీసుకోండి.

ఇక మెరుపు. ముక్కు నీడ కుడికి పడితే వెలుగు ఎడమ నుంచి వస్తోందన్నమాట. హారం మెరుపులు కుడివైపు ఉంటే Flip Horizontal చేయండి (పేరు చెక్కిన లాకెట్‌కు కుదరదు). బంగారం మెరుపు లేత పసుపులోనే ఉండాలి. నడిమి చుక్క మాత్రమే తెలుపుకి దగ్గరగా వెళ్లొచ్చు. అంతా తెల్లగా మెరిస్తే వెండికి పూత పూసినట్టుంటుంది.

గాజులకూ ఇదే పద్ధతి, కాకపోతే వెనక సగాన్ని మణికట్టు చాటుకు మాస్క్ చేయాలి.