రివ్యూ జవాబులో ఊరి పేరు ఒక్కసారి చాలు

నెల్లూరు ట్రంకు రోడ్డులో అయినా, ఒంగోలు కర్నూలు రోడ్డులో అయినా ఏదో ఒక షాపు గూగుల్ పేజీ తెరిచి, రివ్యూల కింద యజమాని ఇచ్చిన జవాబులు చదవండి. ఎక్కువగా రెండు రకాలే కనిపిస్తాయి. మొదటిది, ఎవరేం రాసినా "థ్యాంక్యూ సర్" అనే రెండు మాటలు. రెండోది, నెలవారీ ప్యాకేజీ మాట్లాడుకున్న ఏజెన్సీ అతికించే జవాబు: "నెల్లూరులో బెస్ట్ ఏసీ సర్వీస్, ఏసీ రిపేర్ నెల్లూరు, ఏసీ గ్యాస్ ఫిల్లింగ్ నెల్లూరు మా వద్దే, ధన్యవాదాలు." మొదటిదాని వల్ల లాభం లేదు, నష్టమూ లేదు. రెండోది మాత్రం డబ్బిచ్చి మరీ పేరు చెడగొట్టుకోవడమే.

ఏజెన్సీల వాదన తెలిసిందే. జవాబును గూగుల్ కూడా చదువుతుంది కాబట్టి చేసే పని పేరు, ఊరి పేరు ఎన్నిసార్లు పడితే షాపు అంత పైకి వస్తుందంటారు. జవాబులో ఆ రెండూ ఉండాలనే మాట వరకు నాకూ సమ్మతమే. కానీ స్థానిక వెతుకులాటలో వరస దేన్నిబట్టి తేలుతుందో గూగుల్ బహిరంగంగానే చెప్పింది. వెతికిన మాటకు షాపు ఎంత సరిపోతుంది, వెతికిన మనిషికి ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత పేరుంది అనేవి చూస్తుంది. రివ్యూల సంఖ్య, వచ్చిన స్టార్లు ఆ పేరు కిందికే వస్తాయి. యజమాని జవాబులో మాటలు కుక్కితే వరస పెరుగుతుందని మాత్రం ఎక్కడా చెప్పలేదు. పనిగట్టుకుని పరీక్షించి చూసినవాళ్లకూ దానివల్ల కదలిక కనిపించలేదు.

మరి పని పేరు, ఏరియా పేరు రాయడం ఎందుకు? అసలు బలం కస్టమర్ రాసే మాటల్లో ఉంది. ఎవరైనా ఏసీ నీళ్లు కారుతోందని వెతికితే, అదే విషయం ఉన్న రివ్యూలోంచి ఒక ముక్క తీసి షాపు పేరు కిందే గూగుల్ చూపిస్తుంటుంది. మన దగ్గర కస్టమర్లు ఐదు స్టార్లు ఇచ్చి "గుడ్ సర్వీస్" అని ముగించేస్తారు. ఇలాగే రాయండని వాళ్లకు మనం చెప్పిపెట్టడం బాగుండదు. రివ్యూకి బదులు డిస్కౌంట్ ఇస్తామనడం గూగుల్ నిబంధనలకే విరుద్ధం. మనచేతిలో ఉన్నది జవాబు ఒక్కటే. రివ్యూ రాయడానికి పేజీ తెరిచిన మనిషి కంటికి పైనున్న రివ్యూలు, వాటి జవాబులు పడతాయి. అక్కడ పని వివరం కనిపిస్తే తనూ రెండు మాటలు ఎక్కువ రాస్తాడు. జవాబు అసలు ప్రయోజనం అదేనని నా నమ్మకం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నెల్లూరు వేదాయపాలెంలో ఒక ఏసీ మెకానిక్ షాపు ఉందనుకోండి. మాగుంట లేఅవుట్ నుంచి ఒకాయన ఇలా రాశారు: "మాగుంట లేఅవుట్‌లో మా ఇంటికి టైముకి వచ్చారు. ఏసీలోంచి నీళ్లు కారడం ఆగిపోయింది. గుడ్." దానికి జవాబు ఇలా ఉండొచ్చు: "థ్యాంక్సండీ. డ్రెయిన్ పైపులో మురికి పేరుకుని నీళ్లు లోపలికి కారుతున్నాయి, పైపు క్లీన్ చేశాం, గ్యాస్ తగ్గలేదు. మాగుంట లేఅవుట్ వైపు దుమ్ము ఎక్కువే కాబట్టి ఫిల్టర్ రెండు వారాలకోసారి కడగండి. మళ్లీ కారితే ఫోన్ చేయండి, వచ్చి చూస్తాం."

ఇందులో ఏరియా ఒక్కసారే వచ్చింది, అదీ ఫిల్టర్ సలహాలో భాగంగా. పని పేరు జరిగిన రిపేరుగానే వచ్చింది. "గ్యాస్ తగ్గలేదు" అన్న మాట అన్నిటికన్నా విలువైనది. నీళ్లు కారితే చాలు, చూడకుండానే గ్యాస్ అయిపోయిందని బిల్లు వేసేవాళ్లు ఉన్నారని జనానికి తెలుసు. గ్యాస్ నిజంగా తగ్గితే కాయిల్ మీద మంచు కట్టి, అది కరిగి నీళ్లు కారేమాట నిజమే. కానీ అప్పుడు కూడా లీకు ఎక్కడో పట్టుకోకుండా గ్యాస్ నింపితే మళ్లీ అదే గొడవ. ఈ తేడా తెలిసిన మెకానిక్ అని జవాబు చదివినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. "బెస్ట్ ఏసీ సర్వీస్" అని పదిసార్లు రాసినా ఆ నమ్మకం రాదు. ఇక్కడ హద్దు ఒకటుంది: ఏరియా పేరు సరే గానీ వీధి, అపార్ట్‌మెంట్ పేరు బయటపెట్టకూడదు. కస్టమర్ తన రివ్యూలో ఏరియా చెప్పకపోతే ఆయనది ఎక్కడో మనమూ చెప్పకూడదు, మన షాపు ఉన్న చోటు చెబితే సరిపోతుంది.

డాక్టర్ల విషయంలో ఈ పద్ధతి అసలు పనికిరాదు. పొగతోటలోని ఒక క్లినిక్‌కి పేషెంట్ రివ్యూ రాస్తే, ఏ జబ్బుకి ఏ చికిత్స చేశారో జవాబులో రాయడం రోగి రహస్యాన్ని నలుగురిలో పెట్టడమే. 2002 నాటి వైద్య వృత్తి నిబంధనలు దాన్ని తప్పుపడతాయి. అక్కడ మర్యాదగా ఒక ధన్యవాదం చెప్పి ఊరుకోవాలి. అసంతృప్తితో రాసిన రివ్యూకీ ఇంతే జాగ్రత్త కావాలి. కోపంగా ఉన్న మనిషికి ఇచ్చే జవాబులో పని పేరు, ఊరి పేరు ఇరికిస్తే, అంత గొడవలోనూ ప్రకటన చేసుకుంటున్నారని అందరికీ తెలిసిపోతుంది. ఏం సరిచేస్తారో చెప్పి, ఫోన్‌లో మాట్లాడతామంటే చాలు.

ఫలితం ఉందో లేదో షాపులో కూర్చుని సొంత ఫోన్లో వెతికితే తెలియదు. దూరం సున్నా కాబట్టి మీ షాపు పైనే కనిపిస్తుంది. మీ షాపు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో పెర్ఫార్మెన్స్ అనే చోట, జనం ఏ మాటలు వెతికితే మీ పేజీ కనిపించిందో నెలవారీగా ఉంటుంది. మరీ తక్కువసార్లు వెతికిన మాటకు 15 కన్నా తక్కువ అని మాత్రమే చూపిస్తుంది. షాపు పేరుతో కాకుండా పని పేరుతో వెతికి వచ్చినవాళ్లు పెరుగుతున్నారా, ఫోన్లు పెరుగుతున్నాయా అని కొన్ని నెలలు గమనించాలి.

దీనికన్నా పెద్ద సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతోంది. మన ఏరియాల పేర్లు మన నోళ్లలో ఉన్నంతగా మన షాపుల పేజీల్లో లేవు. నెల్లూరులో స్టోన్‌హౌస్‌పేట, దర్గామిట్ట, పొదలకూరు రోడ్డు, ఒంగోలులో లాయర్‌పేట, సంతపేట: మనిషి దారి అడిగితే చెప్పేవి ఇవే. ఏజెన్సీ రాసిన జవాబుల్లో ఇవి ఉండవు, "నెల్లూరు" అని ఒకటే ముద్ర ఉంటుంది. తెలుగులో రాసిన రివ్యూకి ఇంగ్లీషు జవాబు వస్తుంది. ఊరు కాని ఊళ్లో కూర్చుని వంద షాపులకు ఒకే వాక్యం అతికించే మనిషికి ఏ కాలనీలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయో, ఏ వీధిలో కరెంటు తరచూ పోతుందో ఎలా తెలుస్తుంది? ఆర్వో సర్వీస్ షాపుకైనా, ఇన్వర్టర్ షాపుకైనా చెప్పుకోదగ్గ జ్ఞానం అదే. రివ్యూ ఏ భాషలో ఉంటే జవాబు ఆ భాషలోనే ఉండాలి. పని చేసిన మనిషి సాయంత్రం షట్టర్ దించే ముందు ఫోన్లో చెప్పినా, ఇంట్లో చదువుకునే పిల్లలు టైప్ చేయగలరు.

ఏజెన్సీని పెట్టుకోవాలనుకుంటే పెట్టుకోండి, ఫొటోలు, టైమింగ్స్ వాళ్లకు అప్పగించండి. కానీ ప్రొఫైల్‌కి ప్రైమరీ ఓనర్‌గా మీ సొంత ఈమెయిలే ఉండాలి, వాళ్లను మేనేజర్‌గా మాత్రమే చేర్చండి. సెట్టింగ్స్‌లో ఎవరి పేరు ఏ హోదాలో ఉందో ఇవాళే తెరిచి చూడండి. ఓనర్ స్థానంలో ఏజెన్సీ ఈమెయిల్ కనిపిస్తే, వచ్చే నెల డబ్బు కట్టే ముందే ఆ హోదా మీ పేరుకు మార్పించుకోండి.