ప్రమాదం లేని 3,117వ రోజు

సిమెంటు కర్మాగారంలో ముప్పై నాలుగేళ్లు షిఫ్టులు మారిన మనిషికి చివరిరోజున మూడు నిమిషాలు మాట్లాడే అవకాశం దొరికితే, ఆ మూడు నిమిషాల్లో ఏం చెప్పాలో అతడికన్నా పర్సనల్ ఆఫీసరుకే బాగా తెలుస్తుందన్న సంగతి పాఠకులకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు. రాతిపిండిని కాల్చే కొలిమి ఉన్న కిల్న్ సెక్షన్‌లో షిఫ్ట్ సూపర్‌వైజరుగా పదవీ విరమణ చేసిన మా మేనమామకు మాత్రం ఇది ఆలస్యంగా తెలిసింది. తన వీడ్కోలు ప్రసంగాన్ని తానే రాసుకోవచ్చనుకున్నాడు, పాపం.

చంద్రపూర్ జిల్లాలో రాజురా దాటి కోర్పనా వైపు వెళ్తే సున్నపురాయి ఉన్నంత మేరా సిమెంటు పొగగొట్టాలే కనిపిస్తాయి. ఊరు మహారాష్ట్రదే అయినా మా వీధిలో సగం ఇళ్లలో మాట్లాడేది తెలుగే. కర్మాగారంలో ఆర్డర్లు హిందీలోను, తిట్లు మరాఠీలోను, ఏడుపు తెలుగులోను నడుస్తాయి. వీడ్కోలు సభను అక్కడ 'నిరోప్ సమారంభ్' అంటారు. శాలువా, కొబ్బరికాయ, గోడ గడియారం ఇస్తారు. ముప్పై నాలుగేళ్లు రాత్రీ పగలూ తేడా తెలియకుండా పనిచేసినవాడికి ఇక నుంచైనా టైము తెలియాలన్న సదుద్దేశంతోనే గడియారం ఇస్తారు కాబోలు.

మామయ్య నోట్‌బుక్కులో రెండు పేజీలు హిందీలో రాసి ఆఫీసులో ఇచ్చాడు. నాలుగు రోజుల తర్వాత అది ఎర్ర సిరాతో తిరిగివచ్చింది. ఆ దిద్దుబాట్లను నేను భాషాభిమానంతో చదివాను. 'నైట్ షిఫ్టులో సైక్లోన్ జామ్ పడింది' అన్న వాక్యం 'రాత్రి వేళల్లో ఎన్నో సవాళ్లను చిరునవ్వుతో ఎదుర్కొన్నాము' అయింది. 'కాంట్రాక్టు పిల్లలు' అన్నచోట 'మన విస్తృత కుటుంబ సభ్యులు' వచ్చింది. ఆ విస్తృత కుటుంబానికి క్యాంటీన్‌లో బల్ల వేరు, గేటు వేరు, జీతం ఇచ్చే చెయ్యి వేరు అన్నది ఇక్కడ అప్రస్తుతం. 'చేతులు కాలాయి' అన్న రెండు మాటలను కొట్టేసి, పైన 'అంకితభావాన్ని చాటారు' అని రాశారు. కాలిన చేతికి ఇంత చక్కని పర్యాయపదం ఉందని మన నిఘంటుకారులకు ఇన్నాళ్లూ తెలియకపోవడం విచారకరం. పేజీ అడుగున మామయ్య రాయని ఒక వాక్యాన్ని కొత్తగా చేర్చారు: 'మన యూనిట్‌లో 3,117 రోజులుగా ఒక్క ప్రమాదమూ జరగలేదు. ఇందుకు యాజమాన్యానికి సదా రుణపడి ఉంటాను.'

"ఇండ్ల నా మాట యాడున్నదిరా అల్లుడా?" అని మామయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కింద సంతకం చేసే చోటు అలాగే ఉందని నేను చూపించాను.

ఇంతకీ మామయ్య చెప్పాలనుకున్న గడ్డుకాలమంటే ఒకే ఒక్క రాత్రి. అది అర్థం కావాలంటే సైక్లోన్ అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. కిల్న్ పక్కనే పెద్ద గోపురంలాంటి కట్టడం ఉంటుంది, దాన్ని ప్రీహీటర్ అంటారు. లోపల ఇటుక పేర్చిన పెద్దపెద్ద ఇనుప గరాటులు అందులో ఒకదాని కింద ఒకటి ఉంటాయి, అవే సైక్లోన్లు. పైనుంచి రాతిపిండి దిగుతుంటే కిందినుంచి వేడిగాలి ఎక్కుతుంది. అట్టడుగు గరాటుకు చేరేసరికి పిండి వేడి 850 డిగ్రీలు దాటుతుంది. అంత వేడి మీద గాలి కలిసిన పిండి పిండిలా రాలదు, నీళ్లలా పారుతుంది. గరాటు మూతి పూడుకుపోవడాన్నే జామ్ అంటారు. అది ఎందుకు పూడుతుందంటే, బొగ్గు గనుల మధ్యలో కూర్చుని కూడా, చవక అని చమురు శుద్ధిలో మిగిలే పెట్‌కోక్ తెప్పించి కాలిస్తే దానిలోని గంధకం మంట దగ్గర ఆవిరవుతుంది, ఆ ఆవిరి గాలితోపాటు పైకెక్కి కాస్త చల్లబడినచోట లవణంగా మారి గోడలకు జిగురులా పట్టుకుంటుంది. పొర మీద పొర పడి ఏదో ఒక రాత్రి మూతి మూసుకుపోతుంది. కొనుగోలు విభాగంలో మిగిలిన డబ్బు ఇలా ప్రీహీటర్ మీద గడ్డకట్టి కనిపిస్తుంది.

ఆరేళ్ల క్రితం, నెలాఖరున, సీ షిఫ్టులో, తెల్లవారుజామున 2.40కి కంట్రోల్ రూమ్ తెర మీద అడుగు సైక్లోన్‌లో గాలి లాగుడు, అంటే డ్రాఫ్టు, సున్నాకు పడిపోయింది. గరాటు కిందనుంచి బయటికొచ్చే పిండి వేడి కూడా తగ్గుతోంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే అది జామ్ అని కొత్తగా చేరిన ట్రైనీకి కూడా తెలుస్తుంది. అప్పుడు చేయవలసిన మొదటి పని ఒకటే, ఫీడ్ ఆపడం. గంటకు 200 టన్నుల పిండి దిగే కిల్న్‌లో ఒక్క నిమిషం ఆలస్యమైతే మూడు టన్నులకు పైగా మండే పిండి ఆ మూసుకున్న మూతి మీద పేరుకుంటుంది. బర్నర్ అంటే మంట చూసుకునే ఆపరేటరు. అతడు ఆపబోతుండగా ఫోను వచ్చింది. నెలాఖరు టార్గెట్ ఉంది, గాలిదెబ్బతో గడ్డలు రాల్చే ఎయిర్ బ్లాస్టర్లు కొట్టండి, పది నిమిషాలు చూడండి అన్నారు. పది నిమిషాలు చూశారు. ముప్పై టన్నులకు పైగా చూశారు.

తర్వాత ఫీడ్ ఆపి, కడ్డీలతో పొడవడానికి నలుగురిని పైకి పంపారు. వాళ్లు నలుగురు, వెండిరంగు అగ్నిరక్షణ సూట్లు రెండు. సూట్లు ఎవరికి దక్కాయో చెప్పనక్కరలేదు, పేరోల్ మీద ఉన్నవాళ్లకు దక్కాయి. రాజురా వైపునుంచి వచ్చిన ఇరవై రెండేళ్ల కాంట్రాక్టు పిల్లవాడు నూలు చేతిగుడ్డలతో, కడ్డీ దూర్చే పోక్ హోల్ దగ్గర నిలబడ్డాడు. కడ్డీ తగలగానే పైన పేరుకున్న ముద్ద ఒక్కసారిగా జారింది. జారిన ముద్ద లోపలి గాలిని తోసింది, ఆ గాలి పిండిని వెంటపెట్టుకుని తెరిచిన రంధ్రంలోంచి బయటికొచ్చింది. మామయ్య ఈ వాక్యాన్ని ఎప్పుడూ పూర్తిచేయడు. తన రెండు మోచేతులు చూపించి ఊరుకుంటాడు.

ఇక్కడినుంచి కథ వైద్యశాస్త్రాన్ని వదిలి న్యాయశాస్త్రంలోకి వెళ్తుంది. అప్పట్లో అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షన్ ప్రకారం, గాయం వల్ల కార్మికుడు 48 గంటలు లేదా అంతకుమించి పనిచేయలేకపోతే ఇన్‌స్పెక్టరుకు నోటీసు పంపాలి. చట్టాన్ని రాసినవారు దీన్ని కార్మికుడి రక్షణ కోసం రాశామనుకున్నారు. దానిలో ఒక కుర్చీకి చోటుందని వారికి తట్టలేదు. 47వ గంటలో ఆ పిల్లవాడు డ్యూటీకి హాజరయ్యాడు. అంటే, కాంట్రాక్టరు జీపు వాడి ఇంటి ముందు ఆగింది, ఇద్దరు వాణ్ణి చంకల కింద పట్టుకుని ఎక్కించారు, టైమ్ ఆఫీసులో ఫ్యాను కింద ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. హాజరు యంత్రానికి బొటనవేలు కావాలి. వేలు కట్టులో ఉంది. అయినా పద్ధతి పద్ధతే కనుక కట్టుకట్టిన చేతిని యంత్రం మీద పెట్టి చూశారు. యంత్రం మళ్లీ ప్రయత్నించమంది. ఇంకోసారి పెట్టారు. మూడోసారి కూడా యంత్రం వాణ్ణి గుర్తించలేదు. ఆ గదిలో అబద్ధం చెప్పడానికి ఒప్పుకోనిది ఆ డబ్బా ఒక్కటే. చివరికి 'మాన్యువల్ హాజరు' అని రిజిస్టరులో రాశారు. పని ఏదో ఒకటి చూపాలి కదా, 'లైట్ డ్యూటీ, ఫైళ్ల పరిశీలన' అని రాసి ఒళ్లో ఒక ఫైలు పెట్టారు. వాడు దాన్ని తిప్పలేడు. ఫ్యాను గాలికి పేజీలు తిరిగాయి, వాడు పరిశీలించాడు. మధ్యాహ్నం మామయ్య వెళ్లి సాసరులో టీ పోసి, ఊది, నోటికి అందించేవాడు. పదకొండు రోజులు ఆ ఫైలు అలా పరిశీలనలో ఉంది. మెయిన్ గేటు దగ్గరి 'ప్రమాదం లేని రోజులు' బోర్డు మాత్రం ఆ రాత్రి గడిచిన ఉదయం ఎనిమిదింటికి, ఏ కట్టూ లేని చేత్తో, 926 నుంచి 927కు మారింది.

ఇంతవరకూ నేను చిరునవ్వుతోనే రాశాను. కానీ కుర్చీలో కూర్చోబెట్టి మీరు కాపాడింది ఏమిటి? నోటీసు వెళ్తే ఇన్‌స్పెక్టరు వచ్చి, ఆ పది నిమిషాలు ఫీడ్ ఎవరు ఆపనివ్వలేదని అడిగేవాడు. నలుగురికి రెండు సూట్లెందుకని అడిగేవాడు. అదీ మీ భయం. ప్రమాదమే జరగలేదని రాసుకున్నాక పరిహారం అడగడానికి వాడి దగ్గర ఒక్క కాగితమైనా మిగిలిందా? మరుసటి ఏడు కాంట్రాక్టరు మారాడు, వేళ్లు ముడవడం లేదని గేటు పాసు ఇవ్వలేదు. పదకొండు రోజులు ఏ చేతులతో డ్యూటీ చేశాడని రాసుకున్నారో, అవే చేతులు పనికి పనికిరావని రాసి పంపించారు. సిగ్గుండాలి!

సరే, సభ సంగతి. షామియానా ఆ బోర్డు ఎదురుగానే వేశారు. పేరోల్ వాళ్లు కుర్చీల్లో, కాంట్రాక్టు వాళ్లు గుడ్డ అంచు అవతల ఎండలో ఉన్నారు. మామయ్య ఎర్ర సిరా కాగితంలో మొదటి రెండు వాక్యాలు హిందీలో చదివి, దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, అవతలి ఎండవైపు తిరిగి తెలుగులో మొదలుపెట్టాడు. వేదిక మీద ఉన్నవారిలో తెలుగు వచ్చినవారు ఒక్కరూ లేరు.

"తమ్మీ, ఆ దినం ఫోను పక్కకు పెట్టి ఫీడ్ బంద్ చేయాలన్న బర్నర్‌వు నువ్వే, నేనే ఆగమన్న. పైనోళ్లు చెప్పిన్రని ఆగమన్న," అన్నాడు. సూటు విప్పి కాలినవాడి మీద కప్పి కిందికి మోసుకొచ్చిన ఇద్దరికి దండం పెట్టాడు. ఆ తర్వాత రెండు రోజులు చందాలు పోగుచేసి చంద్రపూర్ ఆసుపత్రికి తిరిగినవాళ్లను ఒక్కొక్కరినీ చూపిస్తూ, ఎవరు ఎంత ఇచ్చారో చెప్పాడు. యాభై రూపాయలు ఇచ్చినవాడు కూడా మిగల్లేదు. చివరికి గొంతు తగ్గించి, "పదకొండు దినాలు వాని పేరు ముందు హాజరు రాసి సంతకం చేసింది నేనే. నా షిఫ్టుల జరిగింది, నా చేత్తోనే దాసిపెట్టిన. గా బోర్డు మీద అంకెలల్ల నా సంతకం ఉన్నది. నన్ను మాఫ్ చెయ్యిన్రి," అన్నాడు.

గుడ్డ అంచు అవతల ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వేదిక మీద పర్సనల్ ఆఫీసరు మాత్రం లేచి నిలబడి కొట్టాడు. ఆయన కళ్లు కూడా కొద్దిగా తడిశాయి. మామయ్య వేలు బోర్డు వైపు చూపించినప్పుడు ఆయన అందరికన్నా ముందుగా బోర్డు వైపు తిరిగి, ఇంకా గట్టిగా కొట్టాడు.

భోజనాల దగ్గర ఆయన నా పక్కన నిలబడి, "మీ మామగారు మాతృభాషలో చాలా బాగా మాట్లాడారు, ఏమన్నారు?" అని అడిగాడు. షిఫ్టు టీమ్‌కు ధన్యవాదాలు చెప్పి, గడ్డుకాలాన్ని గుర్తుచేసుకున్నారని అన్నాను. ఆయన సంతోషించి, దాన్ని కంపెనీ పత్రికలో వేస్తామని, ఒక్క మాట కూడా పోకుండా హిందీలోకి మార్చి ఇమ్మని కోరాడు. శనివారం ఇచ్చాను. దిద్దుబాట్లకు వీలుగా పక్కన అంచు వెడల్పుగా వదిలిపెట్టాను.