ముఖం ఆమెది, చీర ఇంకొకరిది

"ఆల్బమ్‌లో పెడతాం, నీ ఫొటో ఒకటి పంపు" అని ఒక తల్లి కూతుర్ని అడిగితే "ఓకే" అని వచ్చింది. ఆ ఒక్క ఓకేతో నేను ఎంత దూరం వెళ్లిపోయానో చెప్తాను, తిట్టాలనిపిస్తే తిట్టండి.

దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను. ఒక పెళ్లికూతురి అమ్మగారు వచ్చి, "తమ్ముడూ, మా పెద్దమ్మాయి డల్లాస్‌లో ఉంది, రాలేకపోయింది. ఫ్యామిలీ గ్రూప్‌లో దాన్ని కూడా నిలబెట్టు" అన్నారు. అమ్మాయిని అడిగారా అంటే ఓకే అందట. సరే అని కూర్చున్నా.

పంపింది వాట్సాప్ డీపీ. మెడ వరకే ఉంది. మరి ఒళ్లు? అదే ఫంక్షన్ హాల్లో తీసిన వేరే ఫొటోలో, పెళ్లికొడుకు వైపు అమ్మాయి ఒకరు ఆకుపచ్చ పట్టుచీరలో సరైన కోణంలో నిలబడి ఉంది. తల తీసేసి ఒళ్లు వాడుకున్నా. డీపీలో వెలుగు ఎడమ నుంచి పడుతోంది, హాల్లో కుడి నుంచి. వెలుగు కుదరకపోతే ముఖం అతికించినట్టు కనిపిస్తుంది కాబట్టి ముఖాన్ని అద్దంలోలా తిప్పేశా. మెడ రంగుకి కలవలేదని ముఖాన్ని కొంచెం తెల్లగా చేశా. 12 బై 36 షీట్ మీద అచ్చయ్యాక నాకే ముద్దొచ్చింది, అంత బాగా కుదిరింది.

ఆల్బమ్ ఇచ్చిన పది రోజులకి డల్లాస్ నుంచి ఫోన్. "అన్నా, నా ముక్కుపుడక కుడి వైపు కదా, ఎడమకి ఎందుకొచ్చింది?" అక్కడ మొదలైంది. పాపిడి కూడా మారింది, రంగు మారింది. నేను నీళ్లు నములుతుంటే అసలు మాట చెప్పింది: "నేను ఆ పెళ్లికి కావాలనే రాలేదు. ఇప్పుడు ఫొటో చూసినవాళ్లంతా వచ్చావు కదా అంటున్నారు."

ఆమె ఓకే అన్నది తన ఫొటో ఆల్బమ్‌లో ఓ మూల వేయడానికి. పెళ్లికి వచ్చినట్టు నిలబెట్టడానికి కాదు. ఈ రెంటికీ ఉన్న తేడా వాళ్లమ్మ చెప్పలేదు, నేను అడగలేదు.

అంతటితో అయిందా? ఆకుపచ్చ చీర అమ్మాయి వియ్యపురాలి ఇంట్లో ఆల్బమ్ చూసి తన చీర, తన చేతి గోరింటాకు గుర్తుపట్టింది. పైన ఇంకెవరిదో తల. ముఖం అడిగి తీసుకోవాలని అందరికీ తెలుసు, ఒళ్లు అడగాలని నాకు ఆ రోజు దాకా తట్టనే లేదు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఎవరైనా తమ ఇంటి అవసరానికి చేసుకునేదాని జోలికి రాదు. కానీ అనుమతి ఎలా ఉండాలో అందులో ఉంది: ఫలానా పనికి అని, విషయం తెలిసి, ఇష్టంగా ఇవ్వాలి, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి. ఆల్బమ్ పనిలో ఆ వీలు ప్రింట్‌కి ముందే. షీట్ అచ్చయి బైండింగ్ అయ్యాక వద్దంటే షీట్ మొత్తం మళ్లీ కొట్టాల్సిందే. ఈసారి ఆ ఖర్చు నేనే పెట్టుకున్నా.

ఇప్పుడు తల్లిదండ్రుల మాట మీద చేయను. ముఖం ఎవరిదో వాళ్లకే డ్రాఫ్ట్ పంపి, కింద ఇలా రాస్తా:

"ముఖం మీ డీపీలోది, మెడ కింద అంతా వేరే ఒకరిది, వాళ్లనీ అడిగాం. వెలుగు కోసం ముఖం తిప్పాను, అందుకే ముక్కుపుడక వైపు మారింది. రంగు కొంచెం పెంచాను. చూసినవాళ్లకి మీరు పెళ్లిలో ఉన్నట్టే అనిపిస్తుంది. ఆల్బమ్‌లో వస్తుంది, పెళ్లివాళ్లు స్టేటస్‌లో కూడా పెట్టొచ్చు. మీరు సరే అనేదాకా ప్రింట్‌కి పంపను."

రెండు బ్లూ టిక్కులు వచ్చి జవాబు రాకపోతే అది సరే కాదు. ఒరిజినల్ ఫొటోని, లేయర్లతో ఉన్న PSD ఫైల్‌ని విడిగా ఉంచుతా, రేపు తీసేయమంటే తీసేయడానికి.

ప్రతిదానికీ ఇంత తంతు అక్కర్లేదు. గ్రూప్‌లో ఒకాయన కళ్లు మూసుకుంటే పక్క ఫ్రేమ్‌లోని ఆయన తలే తెచ్చి పెడతాం. మనిషి ఆయనే, చోటు అదే, ఒక మాట చెప్తే చాలు. పోయిన నాన్నని పెళ్లి ఫొటోలో నిలబెట్టమంటే మాత్రం ముందు ఆయన భార్యకి చూపిస్తా. ఒకావిడ చూసి ఏడ్చి, "ఆయన పంచెలోనే ఉండేవారు బాబూ, ఈ సూటు వద్దు" అన్నారు. తీసేశాను.

డల్లాస్ అమ్మాయికి కొత్త షీట్ డ్రాఫ్ట్ పంపితే, "నన్ను గ్రూప్‌లోంచి తీసెయ్యి. వేరే పేజీలో నా ఫొటో నా ఫొటోలాగే పెట్టు" అంది. ముక్కుపుడక కుడి వైపే ఉంచి పెట్టాను. వాళ్లమ్మగారు నాతో మాట్లాడటం మానేశారు.