రిపోర్టులన్నీ నార్మలే, మనిషి మాత్రం తరిగిపోతోంది

మా పెద్దమ్మకు 74 ఏళ్లు, ఉండేది తెనాలిలో. పోయిన సంక్రాంతికి వెళ్తే ఆవిడ చేతికి గాజులు నిలవడం లేదు, చెయ్యెత్తితే మోచేతి దాకా జారుతున్నాయి. "షుగర్ బాగా కంట్రోల్లోకి వచ్చిందిరా, ఒళ్లు కూడా తేలికైంది" అని సంతోషంగా చెప్పింది. నిరుడు 54 కిలోలు ఉన్న మనిషి ఇప్పుడు 49. వంటింట్లోంచి మజ్జిగ గ్లాసు తెస్తూ మధ్యలో డైనింగ్ టేబుల్ పట్టుకుని ఆగింది. అడిగితే "ఏం లేదు, కాస్త ఓపిక తగ్గింది" అంది.

అన్నయ్య ఫైలు తీసి చూపించాడు. థైరాయిడ్, క్రియాటినిన్, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మూడు నెలల సగటు షుగర్ 5.9. దాన్ని చూసి ఇల్లంతా సంబరపడింది. ఏడాదిలో నాలుగుసార్లు చూపించుకున్నారు. నాలుగు ఓపీ చీటీల మీదా బీపీ రాశారు, షుగర్ రాశారు. బరువు రాయాల్సిన గడి నాలుగింటిలోనూ ఖాళీగానే ఉంది. ఈ వ్యాసం ఆ ఖాళీ గడి గురించే.

పెద్దమ్మకు వచ్చినదాన్ని డాక్టర్లు ఫ్రెయిల్టీ అంటారు. తెలుగులో దీనికి స్థిరపడిన వైద్య పదం లేదు గానీ, మన ఇళ్లలో "మనిషి చిక్కిపోయింది" అనే మాట దానికి బాగా దగ్గరగా ఉంటుంది. జబ్బు అంటే ఒక అవయవానికి వచ్చిన తేడా. గుండెకో, మూత్రపిండానికో, ఎముకకో వస్తుంది, దానికో పరీక్ష ఉంటుంది, ఓ పేరుంటుంది. ఫ్రెయిల్టీ అలా ఒక చోట ఉండదు. కండ, ఆకలి, నరాల పట్టు, రోగనిరోధక శక్తి అన్నిటిలోనూ చేతిలో మిగులు కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తుంది. ఏ ఒక్క రిపోర్టులోనూ ఎర్ర గీత పడేంత తేడా ఉండదు. మామూలు రోజుల్లో బండి నడిచిపోతుంది కూడా. ఓ మూత్రంలో ఇన్‌ఫెక్షనో, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్రో, రెండు రోజుల విరేచనాలో వస్తే మాత్రం అసలు సంగతి బయటపడుతుంది. గట్టిగా ఉన్న మనిషి నాలుగు రోజుల్లో లేచి తిరుగుతుంది. చిక్కిపోయిన మనిషి అదే ఇన్‌ఫెక్షన్‌తో మంచం పడుతుంది, మాట తడబడుతుంది, లేచినా మునుపటిలా నడవలేదు. "చిన్న జ్వరమే వచ్చింది, అంతే, ఇక కోలుకోలేదు" అని పెద్దవాళ్ల గురించి మనం చెప్పుకునే మాటల్లో చాలావాటి వెనక ఉన్నది ఇదే.

ఇదేదో ఊహ కాదు, కొలిచి చూపించారు. 2001లో అమెరికాలో లిండా ఫ్రైడ్ బృందం 65 ఏళ్లు దాటిన 5,000 మందికి పైగా వృద్ధుల వివరాలతో ఫ్రెయిల్టీకి ఐదు గుర్తులు నిర్ణయించింది. ప్రయత్నించకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోలో, అంతకు మించో బరువు తగ్గడం, ఏ పని చేసినా శ్రమగా అనిపించడం, చేతి పట్టు సడలడం, నడక మందగించడం, కదలికలు తగ్గిపోవడం. వీటిలో మూడు ఉంటే ఫ్రెయిల్. ఒకటో రెండో ఉంటే ఆ దారిలో ఉన్నట్టు. నాకు ఆ అధ్యయనంలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది వేరే సంగతి. ఫ్రెయిల్ అని తేలినవాళ్లలో దాదాపు 27 శాతం మందికి లెక్కలోకి తీసుకున్న దీర్ఘకాలిక జబ్బుల్లో కనీసం రెండైనా లేవు, స్నానం, బట్టలు కట్టుకోవడం లాంటి పనులకు ఇంకొకరి సాయమూ అక్కర్లేదు. జబ్బుల చిట్టా చూసి పంపేసే వైద్యానికి ఆ నాలుగో వంతు మంది కనబడనే కనబడరు.

ఇక బరువు సంగతి. నలభై ఏళ్ల మనిషి బరువు తగ్గితే మెచ్చుకోవడం అలవాటైపోయి, డెబ్భై దాటినవాళ్లనూ అలాగే మెచ్చుకుంటున్నాం. ఈ వయసులో చెప్పాపెట్టకుండా పోయే కిలోల్లో కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, అది తనంతట తాను తిరిగి రాదు. పెద్దమ్మ విషయంలో జరిగింది చూడండి. షుగరని అన్నం తగ్గించమన్నారు, ఆవిడ తగ్గించింది. తగ్గించిన అన్నం బదులు ఏం తినాలో ఎవరూ చెప్పలేదు. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం గుప్పెడు అన్నంలో చారు, రాత్రి ఒక చపాతీ. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌కు ఆకలి తగ్గించే గుణం ఉంది, అది పూటకొకటి పడుతూనే ఉంది. దానికి తోడు షుగర్‌ను దించే ఇంకో మాత్ర, గ్లిమెపిరైడ్. తిండి సగమైనా మాత్రలు మాత్రం నిరుటివే. 5.9 అని సంబరపడిన ఆ అంకె ఆరోగ్యం కాదు, తినకపోవడానికి కొలత. ఇలా చిక్కిన పెద్దవాళ్లలో ఆ సగటు 8 దాకా ఉన్నా ఫరవాలేదని వైద్య మార్గదర్శకాలే చెబుతున్నాయి, ఎందుకంటే షుగర్ హఠాత్తుగా పడిపోయి బాత్రూంలో జారి తుంటి విరగడం అంతకన్నా పెద్ద ప్రమాదం.

బరువు తగ్గితే ముందు టీబీ, క్యాన్సర్, థైరాయిడ్, డిప్రెషన్, కట్టుడు పళ్ల ఇబ్బంది ఇవన్నీ చూడాల్సిందే, అందులో రెండో మాట లేదు. నా అభ్యంతరం ఆ తర్వాత జరిగేదాని మీద. అవేవీ లేవని తేలగానే "వయసు కదమ్మా" అని బలం మాత్రలు రాసి పంపేస్తున్నారు. అసలు పని మొదలుపెట్టాల్సిన చోట ఫైలు మూసేస్తున్నారు.

నడకను కొలవడానికి యంత్రం కూడా అవసరం లేదు. ఇంట్లో నాలుగు మీటర్లు టేపుతో కొలిచి రెండు చివర్లా సుద్దగీత గీశాం. మొదటి గీత దగ్గర నిలబెట్టి, ఎప్పుడూ నడిచేలాగే నడవమన్నాం. పరీక్ష అనగానే అందరూ హడావుడిగా నడుస్తారు, అందుకే "గుడికి వెళ్తున్నట్టు నడువు పెద్దమ్మా" అన్నాను. ఫోన్‌లో టైం చూశాను. రెండుసార్లు నడిస్తే మెరుగైనది 6 సెకన్లు. అంటే సెకనుకు 0.67 మీటర్లు. 0.8 కన్నా తక్కువైతే, అంటే ఈ నాలుగు మీటర్లకు 5 సెకన్లు దాటితే, జాగ్రత్త పడాలి. నడవాలంటే గుండె, ఊపిరితిత్తులు, కండలు, నరాలు, చూపు, మెదడు అన్నీ ఒకేసారి పనిచేయాలి కాబట్టి ఎక్కడ అరుగుదల ఉన్నా నడకలో తేలుతుంది. 2011లో 34,000 మందికి పైగా వృద్ధుల లెక్కలు కలిపి చూసినప్పుడు నడక వేగాన్ని బట్టి ఆయుర్దాయాన్ని అంచనా వేయొచ్చని తేలింది. ఒక చిక్కుంది. మోకాళ్లు అరిగినవాళ్లు నొప్పి వల్ల మెల్లగా నడుస్తారు, పార్కిన్సన్స్ ఉన్నా అంతే. కాబట్టి నడక ఒక్కటే చూసి ముద్ర వేయకూడదు. పెద్దమ్మకు మోకాలి నొప్పి లేదు. బరువు తగ్గింది, నడక మందగించింది, వారంలో నాలుగైదు రోజులు "చేతకావడం లేదు" అంటోంది, తడి తువ్వాలు పిండలేకపోతోంది. ఐదింటిలో నాలుగు గుర్తులు అక్కడే కనిపిస్తున్నాయి.

ముసలితనానికి కూడా జబ్బు పేరు పెట్టి భయపెట్టడం ఎందుకు, వయసుతో పాటు నెమ్మదించడం సహజమే కదా అనేవాళ్లున్నారు. డెబ్భై దాటినవాళ్లంతా ఇలాగే ఉంటే ఆ మాట ఒప్పుకునేదాన్నే. ఆ అమెరికా అధ్యయనంలో ఫ్రెయిల్ అయినవాళ్లు దాదాపు 7 శాతమే. సహజమైతే తిరిగి బాగుపడకూడదు కూడా. 1994లో మరియా ఫియాటరోన్ బృందం బోస్టన్‌లో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉన్న 100 మందితో పది వారాలు ప్రయోగం చేసింది. వాళ్ల సగటు వయసు 87. వారానికి మూడు రోజులు కాళ్లకు బరువులతో వ్యాయామం చేయించిన వాళ్లలో కండబలం రెట్టింపు దాటింది, నడక వేగం పెరిగింది. వ్యాయామం లేకుండా పోషకాల పానీయం మాత్రమే ఇచ్చిన వాళ్లలో ఆ మార్పు రాలేదు. మెడికల్ షాపులో వందల రూపాయల ప్రొటీన్ డబ్బా కొనిచ్చి బాధ్యత తీరిందనుకునే మనం ఈ చివరి సంగతి రెండుసార్లు చదవాలి. తిండి కావాలి, కిలో బరువుకు గ్రాము నుంచి గ్రామున్నర లోపు ప్రొటీన్ కావాలి, కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరు చెప్పినంతే. కానీ కాలు బరువెత్తకపోతే ఆ తిండి కండగా మారదు.

అయినా మనం చేసేది దీనికి నేరుగా ఎదురు. ఇంట్లో "నువ్వు కూర్చో అమ్మా, నేను తెస్తాను" అంటాం. నీరసమంటే రెండు రోజులు అడ్మిట్ చేసి సెలైన్ పెట్టిస్తాం. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచి చూస్తే కాళ్లలోనే దాదాపు కిలో కండ కరిగిందని 2007లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల సంగతే అది. మన వైద్య పథకాలన్నీ ఆ మంచం చుట్టూనే తిరుగుతున్నాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన నాటి నుంచి, 2024 అక్టోబరులో 70 దాటిన అందరికీ ఆయుష్మాన్ కింద 5 లక్షల కార్డు ఇచ్చిన దాకా, సూత్రం ఒక్కటే: పడుకుంటే డబ్బిస్తాం. తుంటి విరిగితే ఆపరేషన్‌కు లక్షలు వస్తాయి. ఆ తుంటి విరగకుండా ఆపగల ఫిజియోథెరపిస్టు ఇంటికి రావడానికి రూపాయి రాదు. వృద్ధుల ఆరోగ్యానికి 2010 నుంచి ఒక జాతీయ కార్యక్రమం ఉంది, అందులో ఫిజియోథెరపీ మాట కూడా ఉంది. పెద్దమ్మ చూపించుకున్న నాలుగుసార్లలో ఒక్కసారీ ఆ మాట ఎవరి నోటా రాలేదు.

అన్నయ్య వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన గ్లిమెపిరైడ్ ఆపేశాడు, మెట్‌ఫార్మిన్ సగం చేశాడు. రోజూ ఒక గుడ్డు, రెండు గ్లాసుల పాలు, రెండు పూటలా గట్టి పప్పు చేరాయి. ఫిజియోథెరపిస్టు వారానికి రెండుసార్లు వస్తోంది. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవడం, చీలమండకు అరకిలో ఇసుక సంచి కట్టి కాలు ఎత్తడం, అది తేలికయ్యాక కిలో. మూడు నెలలకు పెద్దమ్మ 51 కిలోలకు వచ్చింది, నాలుగు మీటర్లు 5 సెకన్లలో నడుస్తోంది. సగటు షుగర్ 7.4. ఆ అంకె చూసి మొదట కంగారు పడింది.

ఫిజియోథెరపిస్టు వచ్చినప్పుడల్లా 500, నెలకు 4,000. అన్నయ్య ఉద్యోగం ఉంది కాబట్టి ఇస్తున్నాడు. పక్కింట్లో పెద్దమ్మ ఈడు ఆవిడ ఒంటరిగా ఉంటుంది, గేటు దాకా వచ్చి గోడ పట్టుకుని ఆగుతుంది. ఆవిడకు నెలనెలా వచ్చే పింఛను కూడా సరిగ్గా 4,000.